ఆటోనగర్ వెల్డర్‌కి ఏ సర్టిఫికెట్ పనికొస్తుంది? ఆర్‌పీఎల్ చేయించాలా, ఐటీఐ పరీక్ష రాయించాలా?

పటమట_చిన్నోడు · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అన్నయ్య గురించి అడుగుతున్నాను. ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డులో వెల్డింగ్ చేస్తాడు. వయసు నలభై దాటింది, పద్దెనిమిదేళ్ల వయసులో చేతిలోకి హోల్డరు తీసుకున్నవాడు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఛాసిస్ మీద క్రాస్ మెంబర్లు, ఛానళ్ళు, వెనక డోర్ల ఫ్రేములు అన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్తాయి. ఇన్నేళ్ళలో ఎవరూ ఆయన్ని సర్టిఫికెట్ అడగలేదు.

పోయిన నెల ఒక కాంట్రాక్టరు వచ్చి, ఇబ్రహీంపట్నం వైపు ఒక పెద్ద ప్లాంటులో షట్‌డౌన్ పనికి మనుషులు కావాలి, రోజు కూలి షెడ్డులో ఇచ్చేదానికన్నా బాగా ఎక్కువ ఇస్తాను అన్నాడు. పని చూపించమన్నాడు, చూశాడు, నచ్చింది. చివర్లో "సర్టిఫికెట్ జిరాక్సు ఇవ్వు, గేట్ పాస్‌కి కావాలి" అన్నాడు. అక్కడ ఆగిపోయింది. అనుభవం ఉన్నవాళ్ళకి ఆర్‌పీఎల్ అని ఒకటి ఉందని, కాలేజీకి వెళ్ళకుండానే సర్టిఫికెట్ ఇస్తారని విన్నాను. అది నిజంగా పనికొస్తుందా? ఎక్కడ, ఎలా మొదలుపెట్టాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

వన్‌టౌన్_రమణ · సోమవారం రాత్రి 10:05

తమ్ముడూ, దీనికి ఇంత ఆలోచన అక్కర్లేదు. పీఎం విశ్వకర్మలో పేరు రాయించండి. మా వీధిలో వడ్రంగి పని చేసే ఆయనకి వచ్చింది. ఐదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000, ఆ తర్వాత తక్కువ వడ్డీకి లోను, సర్టిఫికెట్, గుర్తింపు కార్డు. చేతిపని వాళ్ళందరికీ ఇస్తున్నారు. గ్రామ సచివాలయంలో గానీ కామన్ సర్వీస్ సెంటర్‌లో గానీ వేలిముద్ర వేయిస్తే సరిపోతుంది.

ట్రేడ్‌థియరీ_మాస్టారు · మంగళవారం ఉదయం 6:20

రమణ గారూ, మీరు చెప్పిన డబ్బు వివరాలు సరైనవే, కానీ చేతిపని వాళ్ళందరికీ అనేది కాదు. 2023 సెప్టెంబరులో మొదలైన ఆ పథకంలో 18 వృత్తులే ఉన్నాయి. వడ్రంగి ఉన్నాడు, కమ్మరి ఉన్నాడు, తాపీమేస్త్రి, దర్జీ, చర్మకారుడు ఉన్నారు. ఆర్క్ వెల్డరు లేడు, మోటారు మెకానిక్ లేడు. కమ్మరి కింద రాయిస్తే రాయొచ్చని ఎవరైనా అంటారు. అలా రాయిస్తే ఆయన చేతికి వచ్చేది కమ్మరి పనికి కాగితం, గేటు దగ్గర వెల్డరుకి అది చెల్లదు.

చిన్నోడూ, నేను ప్రభుత్వ ఐటీఐలో వెల్డర్ ట్రేడు చెప్పి రిటైరయ్యాను. నీకు జవాబు చెప్పే ముందు మూడు సంగతులు కావాలి. ఆ కాంట్రాక్టరు అడిగిన పని స్ట్రక్చరలా, అంటే స్తంభాలు, ప్లాట్‌ఫారాలు, డక్టులు ఇలాంటివా, లేక ఒత్తిడి ఉండే పైపులు, బాయిలర్ ట్యూబులా? అన్నయ్య ఎనిమిది పాసయ్యాడా, మధ్యలో మానేశాడా? స్కూలు కాగితం ఏదైనా ఉందా? ఈ మూడింటి మీద జవాబు పూర్తిగా మారిపోతుంది.

షెడ్డు_ఓనరు_కానూరు · మంగళవారం ఉదయం 8:15

నా మాట వినండి. నా షెడ్డులో ఇప్పటిదాకా పెట్టుకున్న వెల్డర్లలో ఒక్కణ్ణి కూడా కాగితం చూసి తీసుకోలేదు. రెండు ముక్కలు ఇచ్చి టాక్ కొట్టమంటాను, ఒక బీడ్ లాగమంటాను, స్లాగ్ ఊడగొట్టి చూస్తాను. అండర్‌కట్ ఉందా, బీడ్ ఒకే వెడల్పున నడిచిందా, అంతే. సర్టిఫికెట్ ఉన్న కుర్రాళ్ళు వచ్చి ప్లేటు కాల్చి చిల్లు పెట్టిన సందర్భాలు చూశాను. పని రాని చేతికి కాగితం ఇస్తున్నారని నా బాధ. పని వచ్చిన చేతిని కాగితం కోసం తిప్పుతున్నారు.

పటమట_చిన్నోడు · మంగళవారం మధ్యాహ్నం 1:30

మాస్టారూ, అన్నయ్యని అడిగాను. పని స్ట్రక్చరల్ అని చెప్పాడట, కేబుల్ ట్రేలకి సపోర్టులు, మెట్లు, చేతిపట్టీలు. పైపు పని వేరేవాళ్ళు చూస్తారట. ఎనిమిది పాసై తొమ్మిదిలో చేరాడు, ఆ ఏడాది నాన్నకి ఒంట్లో బాగోక మానేశాడు. ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాడు, రికార్డు షీటు తెచ్చుకున్నట్టు గుర్తే గానీ ఇంట్లో కనబడటం లేదు. ఇంకో మాట, ఆయనకి గల్ఫ్ ఆశ కూడా ఉంది, ఇప్పటికిప్పుడు కాకపోయినా.

ట్రేడ్‌థియరీ_మాస్టారు · మంగళవారం సాయంత్రం 5:10

ఇప్పుడు దారి కనబడుతోంది. వెల్డరుకి కాగితం అంటే ఒకటి కాదు, మూడు వేరు వేరు కాగితాలు. ఏ తలుపు దగ్గర ఏది అడుగుతారో తెలియకపోవడం వల్లే మనవాళ్ళు డబ్బూ రోజులూ పోగొట్టుకుంటున్నారు.

మొదటిది ఆర్‌పీఎల్ సర్టిఫికెట్. ఇది ఒక ఉద్యోగ పాత్రకి ఇచ్చేది. చేత్తో ఆర్క్ వెల్డింగ్ చేసేవాళ్ళకి ఉన్న అర్హతకి CSC/Q0204 అని కోడు ఉంటుంది, ముందున్న మూడక్షరాలు ఆ రంగపు స్కిల్ కౌన్సిల్‌వి. కేంద్రం నైపుణ్య శిక్షణ పథకం పీఎంకేవీవై కింద చేస్తే అభ్యర్థి పైసా కట్టక్కర్లేదు. 18 నుంచి 59 ఏళ్ళ వాళ్ళకి అవకాశం ఉంది. ఆ పథకం రెండో విడతలో పద్ధతి ఇలా ఉండేది: ముందు కౌన్సెలింగ్, తర్వాత 12 గంటల ఓరియంటేషన్. అందులో సగం పనికీ భద్రతకీ, నాలుగు గంటలు మాటతీరు, స్వయం ఉపాధి లాంటివాటికి, చివరి రెండు గంటలు పరీక్ష ఎలా ఉంటుందో చెప్పడానికి. ఆ తర్వాత బయటి సంస్థ నుంచి అసెసర్ వచ్చి పరీక్షిస్తాడు. నేర్పినవాడే పరీక్ష పెట్టకూడదు, అది ముఖ్యం. ఎక్కడైనా తక్కువ పడుతోందనిపిస్తే బ్రిడ్జ్ కోర్సు పేరుతో మరికొన్ని గంటలు కలుపుతారు.

రెండోది ఐటీఐ వాళ్ళకి వచ్చే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్. ఐటీఐలో కూర్చోకుండా, అనుభవం చూపించి ప్రైవేటు అభ్యర్థిగా అఖిల భారత ట్రేడ్ టెస్టు రాసే దారి ఉంది. వెల్డర్ ట్రేడుకి ఎనిమిది పాసైతే చాలు, మిగతా చాలా ట్రేడులకి పది కావాలి. మీ అన్నయ్యకి ఇది కలిసొచ్చే విషయం. అనుభవం ఎన్నేళ్ళు, ఏ రుజువు అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్ చూసి ఐటీఐ ప్రిన్సిపాల్ దగ్గర అడగాలి. దరఖాస్తు ఆయన ద్వారానే వెళ్తుంది.

మూడోది వెల్డర్ క్వాలిఫికేషన్. ఇది ప్లాంటు వాళ్ళే గానీ మూడో పక్షం ఇన్‌స్పెక్టరు గానీ అక్కడికక్కడే పెట్టే పరీక్ష. పైపు పనికీ బాయిలర్ పనికీ ఇది లేకుండా ముట్టుకోనివ్వరు. కూపన్ అనే నమూనా ముక్క వెల్డ్ చేయించి, కోసి వంచి చూస్తారు లేదా ఎక్స్‌రే తీస్తారు. అమెరికా ఇంజనీర్ల సంస్థ ఏఎస్‌ఎంఈ కోడు సెక్షన్ 9 ప్రకారమైతే ఆ పద్ధతిలో ఆరు నెలలు వెల్డింగ్ చేయకపోతే ఆ అర్హత పోతుంది. మొదటి రెండు కాగితాలూ దీనికి బదులు కావు, ఇది వాటికి బదులు కాదు.

మీ అన్నయ్యది స్ట్రక్చరల్ పని, గేట్ పాస్ కోసం కాబట్టి మొదటిదో రెండోదో సరిపోవచ్చు. కానీ ఇది ఊహించుకోవద్దు. కాంట్రాక్టరుకి ఫోన్ చేసి "ఆర్‌పీఎల్‌తో వచ్చే స్కిల్ ఇండియా సర్టిఫికెట్ ఒప్పుకుంటారా, ఐటీఐయే కావాలా" అని ఈ మాటల్లోనే అడగమను. ప్లాంటు భద్రతా విభాగం ఏది రాసిపెట్టిందో ఆయన దగ్గర ఉంటుంది.

గుంటూరు_వైర్‌మన్ · మంగళవారం రాత్రి 8:45

మాస్టారూ, నా విషయం చెబుతాను, ఇదీ అలాంటిదే. నేను గుంటూరు బ్రాడీపేటలో ఇళ్ళ వైరింగు చేస్తాను. కొన్నేళ్ళ క్రితం మా ఏరియాలో క్యాంపు పెడితే వెళ్ళి అసిస్టెంట్ ఎలక్ట్రీషియన్‌గా ఆర్‌పీఎల్ చేశాను. పాసయ్యాను, సర్టిఫికెట్ వచ్చింది, ఫ్రేము కట్టించాను. క్యాంపు వాళ్ళు ఇక మీకు లైసెన్సు ఉన్నట్టే అన్నారు. తర్వాత అపార్టుమెంటు పని ఒకటి వస్తే బిల్డరు పర్మిట్ అడిగాడు, ఈ సర్టిఫికెట్ చూపించాను, ఇది పర్మిట్ కాదు పొమ్మన్నాడు. నా డబ్బేమీ పోలేదు గానీ ఆ పని పోయింది. ఇప్పటికీ ఆ సర్టిఫికెట్‌కి విలువ ఏంటో నాకు అర్థం కాలేదు.

ట్రేడ్‌థియరీ_మాస్టారు · మంగళవారం రాత్రి 9:30

బిల్డరు చెప్పిందే సరైనది బాబూ, క్యాంపు వాళ్ళు చెప్పింది తప్పు. కరెంటు పనికి వేరే చట్టం ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాల ప్రకారం ఇన్‌స్టలేషన్ పని లైసెన్సున్న కాంట్రాక్టరు చేయాలి, కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు కింద జరగాలి, చేసేవాడికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన లేదా గుర్తించిన పర్మిట్ ఉండాలి. ఆర్‌పీఎల్ నీకు పని వచ్చని చెబుతుంది. ఆ పని చేసే అనుమతి ఇవ్వదు. వైర్‌మన్ పర్మిట్ రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు వైపు నుంచి రావాలి. నువ్వు ఇన్నాళ్ళూ ఏ లైసెన్సుడు కాంట్రాక్టరు కిందైనా చేసి ఉంటే ఆయన చేత అనుభవ పత్రం రాయించుకుని ఆ దారిలో వెళ్ళు.

వెల్డింగుకి మామూలు ఫాబ్రికేషన్‌లో అలాంటి లైసెన్సు లేదు. అందుకే చిన్నోడి విషయంలో ఆర్‌పీఎల్‌కి కాస్త విలువ ఉంది.

సునీత_అసెసర్ · బుధవారం ఉదయం 7:00

నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేదాన్ని, ఇప్పుడు వెల్డింగ్, ఫాబ్రికేషన్ అర్హతలకి అసెసర్‌గా వెళ్తున్నాను. ఓనరు గారు రాసింది చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. ఆయన షెడ్డులో పెట్టే పరీక్ష మంచి పరీక్షే. కానీ అది చేతిని మాత్రమే చూస్తుంది. మేం చూసేది చేతితోపాటు ఇంకా కొన్ని. ఆటోనగర్ నుంచి వచ్చిన పాతకాపులు బీడ్ దగ్గర ఎప్పుడూ పోరు, ఇవే దగ్గర పోతారు.

ఒకటి డ్రాయింగు. మన దగ్గర ఎక్కువగా తిరిగే డ్రాయింగుల్లో ఒక బాణం, దానికి ఒక గీత, గీత కింద చిన్న త్రిభుజం, త్రిభుజానికి ఎడమవైపు 6, కుడివైపు 50-100 అని ఉంటుంది. గీత కింద త్రిభుజం అంటే బాణం తాకిన వైపే వెల్డు చేయాలి, పైన ఉంటే అవతలి వైపు. 6 అంటే ఫిల్లెట్ కాలు ఆరు మిల్లీమీటర్లు. ఇక 50-100 దగ్గర చాలామంది తప్పు చేస్తారు. యాభై వెల్డు చేసి వంద వదిలేయమని చదువుతారు. కాదు, ఆ వంద ఒక ముక్క మధ్య నుంచి తర్వాతి ముక్క మధ్యకి ఉండే దూరం. యాభై వెల్డు, యాభై ఖాళీ. మీటరు పొడవున పది ముక్కలు రావలసినచోట ఆరో ఏడో వేస్తే ఆ సపోర్టు బలం ఎంత తగ్గుతుందో ఓనరు గారికి నేను చెప్పక్కర్లేదు.

రెండోది కొలత. వెల్డు అయ్యాక గేజి ఇచ్చి కాలు కొలవమంటాను. చాలామంది గేజిని ఎటు పెట్టాలో చూస్తూ ఉండిపోతారు, ఎందుకంటే షెడ్డులో ఎవరూ కొలవరు, కంటితో చూస్తారు. ఆరు కాలుంటే గొంతు మందం నాలుగు పాయింట్ రెండు దాకా రావాలి. పైకి ఉబ్బుగా కనబడే బీడ్ లోపల కాలు చిన్నదై ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను.

మూడోది రాడ్. షెడ్డుల్లో ఏసీ ట్రాన్స్‌ఫార్మరు మీద 6013 రాడ్‌తో ఏళ్ళ తరబడి చేస్తారు. 3.15 రాడ్‌కి నూట పది ఆంపియర్ల దగ్గర పెట్టుకుంటే అది హాయిగా నడుస్తుంది. సైటులో 7018 ఇస్తారు. దానికి ఎక్కువగా డీసీ కావాలి, హోల్డరు పాజిటివ్‌కి కలపాలి, ఆర్క్ బాగా దగ్గరగా పట్టాలి. తడి పట్టిన రాడ్ అయితే బీడ్ నిండా చిల్లులే, అందుకే ఓవెన్‌లో ఆరబెట్టి తీస్తారు. 6013 అలవాటుతో ఆర్క్ పొడవు చేసి లాగితే మొదట్లోనే గాలిబుడగలు పడతాయి. అన్నయ్య గారు సైటుకి వెళ్ళే ముందు ఒక ప్యాకెట్ 7018 తెచ్చుకుని, ఎవరిదైనా డీసీ మిషను మీద చేయి అలవాటు చేసుకుంటే, అక్కడ పెట్టే ట్రయల్‌కి భయపడక్కర్లేదు.

చివరిది భద్రత. హెల్మెట్ పక్కన పెట్టి చేతి అద్దంతో చేసేవాళ్ళకి, తోలు గ్లవ్స్ లేకుండా మొదలుపెట్టేవాళ్ళకి, ఎర్త్ క్లాంపు ఎక్కడో దూరంగా తగిలించేవాళ్ళకి అక్కడే మార్కులు పోతాయి. ఇవి బీడ్‌తో సంబంధం లేని మార్కులు, అయినా మార్కులే.

షెడ్డు_ఓనరు_కానూరు · బుధవారం ఉదయం 9:20

సునీత గారూ, 50-100 సంగతి మా కుర్రాళ్ళని అడిగి చూశాను. నలుగురిలో ముగ్గురు వంద వదిలేస్తాం అన్నారు. మాకు డ్రాయింగులు రావు, చాక్‌పీసుతో ప్లేటు మీద గీసి చూపిస్తాం, అందుకని. కాగితం గురించి నా అభిప్రాయం మారలేదు గానీ ఆ పరీక్ష గురించి మారింది.

ఉయ్యూరు_కిరణ్ · బుధవారం మధ్యాహ్నం 12:10

అయితే ఈ ఆర్‌పీఎల్ సర్టిఫికెట్ మీద ఉండే లెవల్ 3 అంటే టెన్త్ పాసైనట్టు లెక్కేనా? మా బావ కూడా పదోది ఫెయిల్, దుబాయ్‌కి పాస్‌పోర్టు తీస్తే ఈసీఆర్ ముద్ర పడింది. ఈ సర్టిఫికెట్ పెడితే అది తీసేస్తారా?

ట్రేడ్‌థియరీ_మాస్టారు · బుధవారం సాయంత్రం 4:40

కిరణ్ గారూ, చిన్నోడి ప్రశ్న అది కాకపోయినా వాళ్ళ అన్నయ్యకీ గల్ఫ్ ఆశ ఉంది కాబట్టి చెబుతాను. లెవల్ అంకె స్కూలు తరగతి కాదు. ఐటీఐ వెల్డర్ సర్టిఫికెట్ మీదా ఆర్‌పీఎల్ కాగితం మీదా ఒకే అంకె ఉండొచ్చు, అంతమాత్రాన రెండూ ఒకటి కావు, పదో తరగతి అసలే కాదు. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకి పనికి వెళ్ళేటప్పుడు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదనడానికి చూసే వాటిలో పది పాసవడం ఒకటి. చిన్న ఆర్‌పీఎల్ కాగితానికి ఆ పని చేసే శక్తి లేదు.

దానికి దారి ఓపెన్ స్కూలు. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీలో గానీ ఢిల్లీ వాళ్ళ ఎన్‌ఐఓఎస్‌లో గానీ పదో తరగతికి నేరుగా చేరొచ్చు, పద్నాలుగేళ్ళు నిండితే చాలు, పైవయసు పరిమితి లేదు. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయక్కర్లేదు, విడివిడిగా ఐదేళ్ళలో గట్టెక్కితే చాలు. రాత్రిళ్ళు కూర్చోగలిగితే వెల్డరుకి ఇది సాధ్యమే. అయితే క్లియరెన్స్ పడే పాస్‌పోర్టుతో వెళ్ళడం తప్పు కాదు, రిజిస్టరైన ఏజెంటు ద్వారా ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వెళ్తే అది కార్మికుడికి రక్షణే. ముద్ర తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పంపేవాళ్ళ మాట నమ్మకండి.

పటమట_చిన్నోడు · గురువారం రాత్రి 9:15

కాంట్రాక్టరుతో మాట్లాడాను. స్కిల్ ఇండియా సర్టిఫికెట్ అయితే ఆన్‌లైన్‌లో చెక్ చేసి తీసుకుంటారట, ఐటీఐ అయితే ఇంకా మంచిది, కూలి గ్రేడు పైన పడుతుందట. అంటే రెండిటికీ అర్థం ఉంది.

ఈలోపు ఒక సమస్య. ఆటోనగర్‌లో ఒక సెంటరు ఏజెంటు దొరికాడు. వారంలో ఆర్‌పీఎల్ చేయిస్తాను, 1,500 ఇవ్వండి, రెండు రోజులు సంతకానికి వస్తే చాలు అంటున్నాడు. ఆధార్, వేలిముద్ర అడిగాడు. అన్నయ్య పేరు నమోదు చేయబోయే పాత్ర ఏంటని అడిగితే చాలాసేపటికి చెప్పాడు, వెల్డింగ్ హెల్పర్ అట. ఏదైనా ఒకటే, సర్టిఫికెట్ సర్టిఫికెట్టే అంటున్నాడు. ఇవ్వాలా?

సునీత_అసెసర్ · గురువారం రాత్రి 9:50

వేలిముద్ర వేయించకండి. ముందు డబ్బు సంగతి: పీఎంకేవీవై కింద ఇది ఉచితం, శిక్షణకీ పరీక్షకీ పథకమే కడుతుంది. సంతకానికి వస్తే చాలు అనడం అంటే పరీక్ష లేకుండా పాస్ చేయిస్తాననే కదా. అలాంటి బ్యాచుల మీద తనిఖీ వస్తే సర్టిఫికెట్లు ఆగిపోతాయి, ఇబ్బంది పడేది చివరికి పనివాడే.

డబ్బు కన్నా పెద్ద నష్టం ఆ హెల్పర్ పాత్ర. ఇరవై ఏళ్ళకి పైబడిన చేతికి హెల్పర్ అని ముద్ర పడితే గేటు దగ్గర హెల్పర్ కూలే ఇస్తారు. బ్యాచ్ నింపడానికి వాళ్ళ దగ్గర ఏ పాత్రకి అనుమతి ఉంటే అందులో అందర్నీ పడేసే సెంటర్లు ఉన్నాయి. నమోదు అయ్యే ముందు తెర మీద పాత్ర పేరు, కోడు చూపించమని అడగండి, వెల్డరు పాత్ర అయితేనే ఒప్పుకోండి. skillindiadigital.gov.in లో అన్నయ్య సొంత ఫోన్ నంబరుతో ముందుగా ఖాతా తెరిచి, ఆధార్ ఈ-కేవైసీ మీరే చేసుకోండి. అలా చేస్తే తర్వాత ఏ బ్యాచులో పేరు చేరిందో మీకే కనబడుతుంది. ఏజెంటు నంబరుతో తెరిస్తే ఆ సర్టిఫికెట్ మీ చేతికి రావడానికి కూడా ఆయన్నే బతిమాలాలి.

ఆధార్‌లో పుట్టినరోజు, ఇంటిపేరు ఎలా ఉన్నాయో కూడా ఇప్పుడే చూడండి. ఆటోనగర్ బ్యాచుల్లో చాలామందికి జనవరి ఒకటి అని ఉంటుంది, స్కూలు రికార్డులో వేరే తేదీ. ఆర్‌పీఎల్‌కి అది అడ్డం కాకపోయినా రేపు ఐటీఐ పరీక్షకి దరఖాస్తు చేసినప్పుడు రెండు కాగితాలూ ఒకదానికొకటి కుదరవు. ఆధార్‌లో పుట్టినతేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే, కాబట్టి స్కూలు కాగితం చేతిలో పెట్టుకుని మార్చండి.

ట్రేడ్‌థియరీ_మాస్టారు · శుక్రవారం ఉదయం 6:05

ఆ స్కూలు కాగితం గురించి. రికార్డు షీటు పోయినా హైస్కూల్లో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. హెడ్మాస్టరు గారికి దరఖాస్తు రాసి, చదివిన ఏడాది, తండ్రి పేరు చెబితే వెతికి ఇస్తారు. వేసవి సెలవుల్లో వెళ్తే ఎవరూ ఉండరు, ఇప్పుడే వెళ్ళండి.

నా సలహా అయితే ఆర్‌పీఎల్ వదిలేసి నేరుగా ట్రేడ్ టెస్టుకి దరఖాస్తు చేయించమనే. ఒకసారి పరీక్షకి కూర్చుంటే జీవితాంతం నిలిచే కాగితం వస్తుంది. రైల్వే కాంట్రాక్టయినా, ప్రైవేటు ఫాబ్రికేషనయినా ప్రకటనలో ఐటీఐ అనే రాస్తారు. ప్రాక్టికల్‌లో ఆయనకి ఎదురులేదు.

సునీత_అసెసర్ · శుక్రవారం ఉదయం 8:30

మాస్టారూ, ఇక్కడ మీతో నేను ఏకీభవించలేను. ప్రాక్టికల్ సంగతి సరే, థియరీ కంప్యూటరు మీద ఉంటుంది. లోహాల గుణాలు, ఆర్క్ పొడవుకీ వోల్టేజికీ ఉన్న సంబంధం, గ్యాస్ సిలిండర్ల రంగులు, లెక్కలు. పాతికేళ్ళుగా పుస్తకం పట్టని మనిషి తెర మీద ప్రశ్న చదివి, మౌసు నొక్కి, టైములో పూర్తి చేయాలి. నా దగ్గరికి వచ్చిన మంచి వెల్డర్లలో ఇందులో తప్పి, సిగ్గుపడి మళ్ళీ ఆ మాటే ఎత్తనివాళ్ళు ఉన్నారు. పైగా అనుభవానికి రుజువు దగ్గరే చాలామంది ఆగిపోతారు. పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు, జీతం చేతికి ఇచ్చారు. ముందు ఆర్‌పీఎల్ చేస్తే షట్‌డౌన్ పని అందుతుంది, పరీక్ష భయం కాస్త పోతుంది. ట్రేడ్ టెస్టు దాని తర్వాత.

ట్రేడ్‌థియరీ_మాస్టారు · శుక్రవారం ఉదయం 10:15

థియరీ భయం గురించి మీరన్నది నిజమే అమ్మా. అయినా ఆర్‌పీఎల్ చేతికొచ్చాక రెండోదానికి తిరిగి వచ్చినవాళ్ళు నాకు కనబడలేదు. పని దొరికితే మనిషి అక్కడే ఆగిపోతాడు. నాకున్న భయం అది.

షెడ్డు_ఓనరు_కానూరు · శుక్రవారం మధ్యాహ్నం 2:00

రుజువు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. చిన్నోడూ, మీ అన్నయ్య ఏ షెడ్డులో చేశాడో ఆ ఓనరు చేత లెటర్‌హెడ్ మీద రాయించండి. ఏ సంవత్సరం నుంచి, ఏ పని, ఏ మిషను మీద అని స్పష్టంగా రాయాలి, "బాగా పనిచేస్తాడు" అని ఊరికే రాస్తే కుదరదు. ఓనరుకి చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబరు కింద వేయాలి. నా షెడ్డుకి ఉంది. నా దగ్గర చేసినవాళ్ళు అడిగితే నేను రాసిస్తాను. అసలు మేం ఓనర్లం ఇన్నాళ్ళూ రాయకపోవడం వల్లే వీళ్ళకి చేతిలో ఏమీ లేకుండా పోయింది.

పటమట_చిన్నోడు · శుక్రవారం రాత్రి 10:20

ఇద్దరు ఓనర్ల దగ్గర చేశాడు సార్. మొదటి ఆయన షెడ్డు మూసేసి ఊరెళ్ళిపోయాడు, పన్నెండేళ్ళు ఆయన దగ్గరే. ఇప్పటి ఆయనకి ఉద్యమ్ ఉందో లేదో అడగాలి. జీఎస్టీ మాత్రం ఉంది.

ఏజెంటుకి వద్దని చెప్పేశాను. మాస్టారూ, ఇప్పటి ఓనరు పత్రం ఒక్కటే ఉంటే ట్రేడ్ టెస్టుకి ఒప్పుకుంటారా? మొదటి పన్నెండేళ్ళూ లెక్కలోకి రాకుండా పోతాయా?

ట్రేడ్‌థియరీ_మాస్టారు · శనివారం ఉదయం 6:10

మొత్తం అనుభవం చూపించాల్సిన పని లేదు, నోటిఫికేషన్ అడిగినంత చూపిస్తే చాలు. ఇప్పటి ఓనరు దగ్గరి ఏళ్ళే దానికి సరిపోవాలి. జీఎస్టీ నంబరున్న లెటర్‌హెడ్ మీద తీసుకుని, ఐటీఐకి వెళ్ళినప్పుడు ప్రిన్సిపాల్‌కి అదే మొదట చూపించు. కాదంటే ఏ కాగితం కావాలో ఆయన చేతే రాయించుకో, నోటిమాటతో తిరిగి రాకు.

పెనమలూరు_లక్ష్మి · శనివారం ఉదయం 11:30

ఇక్కడ అందరూ వెల్డింగు గురించే మాట్లాడుతున్నారు గానీ మా అమ్మ హాస్టల్లో వంట చేస్తుంది, యాభై నాలుగేళ్ళు, బడికే వెళ్ళలేదు. పెద్ద క్యాటరింగ్ వాళ్ళు సర్టిఫికెట్ అడుగుతున్నారు. చదవడం రానివాళ్ళకి పరీక్ష ఎలా పెడతారు సునీత గారూ? ఎవరైనా చదివి వినిపిస్తారా?

సునీత_అసెసర్ · శనివారం మధ్యాహ్నం 1:05

59 దాకా అవకాశం ఉంది కాబట్టి వయసు అడ్డం కాదు లక్ష్మి గారూ. వెల్డింగులో నేను చదవలేనివాళ్ళని నోటితో అడిగి, చేయించి చూస్తాను. వంట నా రంగం కాదు. ముందుగా సెంటరులో "చదవడం రాదు, నోటి ప్రశ్నలు కావాలి" అని నమోదు రోజే చెప్పండి, పరీక్ష రోజు చెబితే ఆలస్యం అవుతుంది. హాస్టల్ వంట రంగంలో అసెసర్లు ఇక్కడ ఎవరైనా ఉంటే లక్ష్మి గారికి చెప్పండి.